టార్గెట్ తప్పిన క్వార్టర్‌కి క్యూబీఆర్ నోట్ ఎలా రాశాం

(బెంగళూరు మారతహళ్లిలో ఒక ఆదివారం ఉదయం, తెలుగువాళ్లైన ప్లానింగ్, సేల్స్, ఫైనాన్స్ ఉద్యోగులు కలుసుకున్నప్పుడు ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే ఇంత దూరం వచ్చారు, సంతోషం. వెనక నిల్చున్నవాళ్లు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

నేను పంతొమ్మిదేళ్లుగా సేల్స్ ప్లానింగ్‌లో ఉన్నాను. మూడు నెలలకోసారి క్యూబీఆర్ నోట్, అంటే ఆ క్వార్టర్ వ్యాపారం ఎలా సాగిందో పెద్దవాళ్లకి చెప్పే సమీక్ష నోట్, రాయడం నా పని. ఇవాళ మీకు పది నోట్ల గురించి చెప్పను, ఒక్క నోట్ గురించే చెప్తాను. అది టార్గెట్ తప్పిన క్వార్టర్‌ది. దాని మొదటి డ్రాఫ్ట్ ఎలా రాశాను, అది ఎందుకు పనికిరాలేదు, తర్వాత ఏం కనుక్కున్నాం, చివరికి ఏం రాశాం, అదే మాట్లాడుకుందాం. కంపెనీ పేరు చెప్పను. చెప్పాల్సిన అవసరం కూడా లేదు.

కంపెనీ ఏం చేస్తుందో మాత్రం తెలియాలి. అపార్ట్‌మెంట్లలో పై అంతస్తుకి కూడా నీళ్లు ఒకే ఒత్తిడితో రావాలంటే కింద పంప్‌రూమ్‌లో ప్రెషర్ పంప్ సెట్ పెడతారు. రెండు మూడు పంపులు, ఒక ట్యాంకు, ఒక కంట్రోల్ ప్యానెల్. దాన్ని మేం ఇక్కడే పీణ్య పారిశ్రామికవాడలో అసెంబుల్ చేసి బిల్డర్లకి అమ్ముతాం. సెట్ ధర సుమారు 3 లక్షలు. అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు, అంటే మన ఆర్థిక సంవత్సరంలో మూడో క్వార్టర్‌కి, టార్గెట్ 400 సెట్లు. 12 కోట్లు. వచ్చింది 350 సెట్లు, 10 కోట్ల 29 లక్షలు. కోటీ 71 లక్షలు తక్కువ. దాదాపు 14 శాతం.

ఇప్పుడు నా మొదటి డ్రాఫ్ట్ చదువుతాను. జాగ్రత్తగా వినండి. "పండుగ సీజన్ వల్ల, రియల్ ఎస్టేట్ మార్కెట్ మందగించడం వల్ల, కొన్ని సప్లయ్ సమస్యల వల్ల టార్గెట్ అందుకోలేకపోయాం. నాలుగో క్వార్టర్‌లో ఈ లోటు పూడ్చుకుంటామన్న నమ్మకం ఉంది."

ఇందులో అబద్ధం ఉందా? ఒక్కటీ లేదు. పండుగ వచ్చింది. మార్కెట్ కొంచెం మందంగానే ఉన్నట్టు అనిపించింది. సప్లయ్ సమస్య ఉంది. మరి ఇందులో నిజం ఉందా? అదీ లేదు. కోటీ 71 లక్షల్లో పండుగ వాటా ఎంత, మార్కెట్ వాటా ఎంత, సప్లయ్ వాటా ఎంత? చదివినవాళ్లకి తెలియదు. రాసిన నాకూ తెలియదు. ఆడలేక మద్దెల ఓడు అంటాం కదా, ఇది అదే.

ఒక్కో కారణాన్నీ పట్టుకుని మూడు ప్రశ్నలు అడగాలి. ఇది పోయిన ఏడాది ఇదే క్వార్టర్‌లో కూడా ఉందా? టార్గెట్ పెట్టినప్పుడు ఇది మనకి తెలుసా? ఇది నిజమైన కారణమైతే ఇంకెక్కడ కనిపించాలి, అక్కడ కనిపిస్తోందా?

దీపావళి ఏటా ఈ క్వార్టర్‌లోనే వస్తుంది. ఆయుధ పూజకి పీణ్యలో షెడ్లన్నీ ఏటా మూస్తారు. టార్గెట్ పెట్టింది మార్చిలో, క్యాలెండర్ గోడ మీదే ఉంది. పోయిన ఏడాది ఇవే పండుగలతో టార్గెట్ కొట్టాం. కాబట్టి పండుగ కారణం కాదు, కొట్టెయ్యాలి. మార్కెట్ మందగించిందా? మందగిస్తే కొత్త ఎంక్వైరీలు తగ్గాలి. మేం లెక్క తీస్తే ఎంక్వైరీలు పోయిన ఏడాది కంటే కాస్త ఎక్కువే ఉన్నాయి. అదీ కొట్టెయ్యాలి.

బయటి కారణాలు అసలు రాయకూడదని అనడం లేదు. 2023 డిసెంబర్ మొదటి వారంలో మిచాంగ్ తుపాను వచ్చింది, చెన్నై నీట మునిగింది, బాపట్ల దగ్గర తీరం దాటింది. మీలో చాలామందికి ఆ వారం గుర్తుండే ఉంటుంది. ఆ వారం చెన్నైకి లారీలు కదల్లేదని రాస్తే ఎవరూ కాదనరు. అప్పుడైనా ఎన్ని రోజులు, ఎన్ని సెట్లు, అవి జనవరిలో వెళ్లాయా, క్యాన్సిల్ అయ్యాయా అని రాయాలి. అది రాయకపోతే అసలైన తుపాను కూడా సాకులాగే వినిపిస్తుంది.

సరే, మిగిలింది "కొన్ని సప్లయ్ సమస్యలు". స్లైడ్ మీద ఈ మూడు ముక్కలు రాస్తే సరిపోతుంది, మీటింగ్ ముందుకి పోతుంది. అమెజాన్‌లో 2004లో జెఫ్ బెజోస్ పై స్థాయి మీటింగుల్లో స్లైడ్లు ఆపించేసి, పూర్తి వాక్యాలతో నోట్ రాయమన్నారు. మీటింగ్ మొదట్లో అందరూ మౌనంగా కూర్చుని దాన్ని చదవాలి. నేను దాన్నుంచి తీసుకున్నది ఒక్కటే. వాక్యం రాయాలంటే కర్త కావాలి, క్రియ కావాలి. ఎవరు? ఏం చేశారు? ఎప్పుడు? ముక్కల్లో దాక్కున్నది వాక్యంలో దాక్కోలేదు.

కానీ మనవాళ్లం ఇక్కడా ఒక దారి వెతుక్కుంటాం. నోట్ రాసేది ఇంగ్లీషులో. అందులో "ఆలస్యం గమనించబడింది" తరహా వాక్యాలు మనకి బాగా అలవాటు. ఎవరు గమనించారు? ఎవరు ఆలస్యం చేశారు? అందుకే నేను మొదటి డ్రాఫ్ట్ ఇంగ్లీషులో రాయడం మానేశాను. ఫోన్‌లో అక్కకి చెప్పినట్టు తెలుగులో చెప్పుకుంటాను, "ప్యానెళ్లు మేమే లేటుగా ఆర్డర్ పెట్టాం అక్కా" అని. ఆ తర్వాత దాన్ని ఇంగ్లీషు చేస్తాను. అప్పుడు కర్త ఎక్కడికీ పోడు.

ఇక లెక్కకి వద్దాం. మొదట లోటుని రెండు ముక్కలు చేయాలి. తక్కువ అమ్మినందువల్ల ఎంత, తక్కువ ధరకి అమ్మినందువల్ల ఎంత. 50 సెట్లు తక్కువ, సెట్‌కి 3 లక్షలు, అంటే కోటీ 50 లక్షలు. మిగతా 21 లక్షలు ధరది, డిస్కౌంట్ ఇచ్చాం. ఆ డిస్కౌంట్ సంగతి తర్వాత చెప్తాను. అది మేం అనుకున్నదాని కంటే పెద్ద కథ.

ముందు ఈ 50. ఆఫీసులో కూర్చుని ఎక్సెల్ చూస్తే 50 అనేది ఒకే అంకె. నేను పీణ్య షెడ్డుకి వెళ్లాను. డిస్పాచ్ చూసే ఆయన, వయసులో పెద్దాయన, నన్ను వెనక వరసకి తీసుకెళ్లారు. అక్కడ పంప్ సెట్లు ప్లాస్టిక్ షీటు చుట్టి నిలబెట్టి ఉన్నాయి. ఒక్కోదాని బేస్ ఫ్రేమ్ మీద సుద్దముక్కతో కస్టమర్ పేరు రాసి ఉంది. కొన్నింటి మీద రెండు తేదీలు, మొదటిది కొట్టేసి రెండోది రాసినవి. లెక్కపెట్టాను. 18. అన్నిటికీ పంపులున్నాయి, ట్యాంకుంది, పైపింగ్ అయిపోయింది. ప్యానెల్ ఉండాల్సిన చోట నాలుగు బోల్టు రంధ్రాలు మాత్రమే ఉన్నాయి. "అన్నీ ఉన్నాయమ్మా, తలకాయ లేదు" అన్నారు ఆయన.

ఈ 18 ఆర్డర్లూ మావే. సరుకు డెలివరీ కాకుండా, కస్టమర్ చేతికి అందకుండా దాన్ని ఆదాయంగా చూపించకూడదు కాబట్టి డిసెంబర్ లెక్కలోకి రాలేదు. జనవరిలో వస్తుంది. ఇది ఆలస్యమైన డబ్బు.

మరి మిగతా 32? అందులో 22 వేరే కంపెనీకి వెళ్లిపోయాయి. ఇది పోయిన డబ్బు, తిరిగి రాదు. ఇంకో 10 అసలు ఎప్పుడూ లేవు. పైప్‌లైన్‌లో, అంటే రాబోయే ఆర్డర్ల జాబితాలో, పేరుంది, కానీ ఆ బిల్డర్‌కి ఇంకా ప్లాన్ అప్రూవల్ కూడా రాలేదు. క్వార్టర్ నిండాలి కాబట్టి సేల్స్‌వాళ్లు వేశారు, నేను ప్రశ్నించకుండా కలిపేసుకున్నాను.

చూడండి, ఇప్పుడు 50 అనేది మూడు అంకెలైంది. 18 ఆలస్యం, 22 పోయాయి, 10 లేనేలేవు. ఈ మూడూ వేర్వేరు జబ్బులు. మందులూ వేరు. నా మొదటి డ్రాఫ్ట్‌లో "నాలుగో క్వార్టర్‌లో పూడ్చుకుంటాం" అన్నాను కదా, ఆ మాట 18కి మాత్రమే నిజం. మిగతా 32కి అది ఉత్త మాట. ఈ రెండు రకాలనీ ఒకే వాక్యంలో కలిపేయడమే మసిపూసి మారేడుకాయ చేయడం. నోట్ చదివే పెద్దవాళ్లు ఏ నిర్ణయం తీసుకోవాలన్నా ముందు తెలియాల్సింది ఇదే. ఎంత వస్తుంది, ఎంత రాదు?

ఆ 22 ఎందుకు పోయాయి? ఇక్కడ నేను దాదాపు ఒక పెద్ద తప్పు రాసేదాన్ని. మా సేల్స్ సాఫ్ట్‌వేర్‌లో ఆర్డర్ పోయినప్పుడు కారణం ఎంచుకోవాలి. 22లో 17కి "ధర" అని ఉంది. అంటే ఏం రాయాలి? పోటీ కంపెనీ ధర తగ్గించింది, మనమూ తగ్గించాలి అని రాయాలి. రాయబోయాను కూడా. అప్పుడు ఒక కుర్ర సేల్స్ తమ్ముడు వచ్చి చెప్పాడు, "మేడమ్, ఆ లిస్టులో మొదట ఉండేది ధరే. అందరం అదే నొక్కుతాం" అని.

అందుకని 22 మంది కస్టమర్లకీ ఫోన్ చేయించాం. సేల్స్‌వాళ్లతో కాదు, సర్వీస్ టీమ్‌తో. అమ్మేవాడు అడిగితే కస్టమర్ మొహమాటపడి ధర ఎక్కువని చెప్తాడు. 15 మంది మాట్లాడారు. 13 మంది చెప్పింది ఒకటే మాట. మా బిల్డింగ్ హ్యాండోవర్ ఫలానా తేదీకి, మీరు తొమ్మిది వారాలన్నారు, వాళ్లు ఐదు వారాల్లో ఇచ్చారు. ఇద్దరు మాత్రమే ధర అన్నారు. ఏడుగురు దొరకలేదు.

నోట్‌లో ఇది ఎలా రాశాం? 22 పోయాయి, 13 డెలివరీ వల్ల, 2 ధర వల్ల, 7కి కారణం తెలియదు. "తెలియదు" అని రాయడానికి చాలామందికి చెయ్యి రాదు. ఆ ఏడింటినీ కూడా డెలివరీలో కలిపేద్దామని మా టీమ్‌లోనే అన్నారు. వద్దన్నాను. ఆ 7 అలా ఉంటేనే ఆ 13ని నమ్ముతారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. తొమ్మిది వారాలు ఎందుకు పట్టింది? అంతకుముందు మేం కూడా ఐదు వారాల్లోనే ఇచ్చేవాళ్లం. ఏం మారింది?

సప్లయర్‌ని అడిగాను. ఆయన ఏమీ మారలేదన్నారు. ప్యానెల్‌కి ఆర్డర్ పెట్టిన దగ్గర్నుంచి ఏడు వారాలు, ఎప్పుడూ అంతే. మరి ముందు ఎలా సరిపోయింది? ముందు మా దగ్గర ప్యానెళ్లు స్టాకులో ఉండేవి. కస్టమర్ ఆర్డర్ రాగానే మోటార్లు, ట్యాంకు వగైరా తెప్పించుకోవడానికి మూడు వారాలు, అసెంబ్లీకి, టెస్టింగ్‌కి రెండు వారాలు, మొత్తం ఐదు. ఇప్పుడు స్టాకు లేదు. ఆర్డర్ వచ్చాకే ప్యానెల్‌కి ఆర్డర్ పెడుతున్నాం. ఏడూ రెండూ తొమ్మిది. సప్లయర్ ఆలస్యం చేయలేదు. ఆయన ఏడు వారాలని ఇన్నాళ్లూ మా స్టాకు కప్పి ఉంచింది, అంతే.

స్టాకు ఎవరు ఆపారు? దీనికి జవాబు నాకు పాత నోట్‌లో దొరికింది. రెండో క్వార్టర్ నోట్ తీసి చదివాను, నేను రాసినదే. అందులో సాధించినవి అనే చోట నాలుగో లైను. "ప్యానెల్ స్టాకు ఆపడం ద్వారా ఇన్వెంటరీ 15 లక్షలు తగ్గించాం." దానికి మీటింగ్‌లో మెచ్చుకున్నారు కూడా.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పోయిన క్వార్టర్‌లో మేం గొప్పగా చెప్పుకున్నదే ఈ క్వార్టర్ లోటుకి కారణం. 15 లక్షల స్టాకు తగ్గించాం, 13 ఆర్డర్లు పోగొట్టుకున్నాం, అంటే 39 లక్షలు. ఇంకో 54 లక్షలు షెడ్డులో తలకాయ లేకుండా నిలబడి ఉంది. అప్పటి నుంచి టార్గెట్ తప్పినప్పుడల్లా నేను చేసే మొదటి పని, గత రెండు నోట్లలో సాధించినవి అనే భాగం చదవడం. మీరూ చదివి చూడండి. ఖర్చు తగ్గించాం, మనుషుల్ని తగ్గించాం, స్టాకు తగ్గించాం అని రాసిన చోట వేలు పెట్టి ఆగండి.

ఇక డిస్కౌంట్ కథ. 21 లక్షలు డిస్కౌంట్ అన్నాను. డిసెంబర్ చివరి రెండు వారాల్లో 42 సెట్లకి ఒక్కోదానికి 50 వేలు తగ్గించాం. పోయేది 21 లక్షలే కదా, అమ్మకం వచ్చింది కదా అనిపిస్తుంది. కానీ ఆ 42 మందిలో ఒక్కొక్కరూ మొదట ఎప్పుడు కొంటామన్నారో పాత మెయిళ్లలో వెతికాం. 28 మంది జనవరి, ఫిబ్రవరి అని రాసి ఉంది. మిగతా 14 మంది ఎలాగూ డిసెంబర్‌లోనే కొనేవాళ్లు.

అంటే ఏమిటి? 14 మందికి ఇచ్చిన 7 లక్షలు ఊరికే ఇచ్చినట్టు. 28 మందిని వచ్చే క్వార్టర్ నుంచి లాక్కొచ్చాం. అప్పు చేసి పప్పు కూడు. ఆ 28 తీసేస్తే డిసెంబర్ క్వార్టర్ అసలు బలం 350 కాదు, 322. ఈ మాట నోట్‌లో రాయాలా వద్దా? ఇక్కడే నిజంగా గొడవైంది. మా పైఅధికారి అన్నారు, "తప్పిందే చాలు, ఇంకా తక్కువని మనమే చెప్పుకోవడం దేనికి?" నేను చెప్పింది ఒక్కటే. సర్, ఇవాళ రాయకపోతే ఏప్రిల్‌లో రాయాలి. నాలుగో క్వార్టర్ టార్గెట్ 420. అందులో 28 ఇప్పటికే తినేశాం. అప్పుడు ఇంకో కొత్త కారణం ఎక్కడ వెతుకుతాం?

ఆయన ఒప్పుకున్నారు, కానీ మొదటి పేరాలో వద్దు, రెండో పేజీలో పెట్టమన్నారు. సరేనన్నాను. ఏ పేజీలో అన్నదాని గురించి నేను పట్టుపట్టను. అంకె ఉండాలా వద్దా అన్నదాని మీద పట్టుపడతాను.

ఇంకొకటి కూడా రాశాం. చాలా నోట్లలో ఇది కనపడదు. మాకు ఎప్పుడు తెలిసింది అన్నది. ప్రతి వారం ఫోర్‌కాస్ట్ పంపుతాం కదా, ఆ అంకెలు వరసగా పెట్టాం. అక్టోబర్ మొదట్లో 400. నవంబర్ మొదట్లో 395. డిసెంబర్ మొదట్లో 390. డిసెంబర్ 20కి 360. చివరికి 350. చూశారా ఎలా పడిందో? రెండు నెలలు చదునుగా ఉండి, చివరి నెలలో కొండ మీంచి దొర్లినట్టు పడింది. నిజంగా డిసెంబర్‌లోనే చెడిపోయిందా? కాదు. డెలివరీ తొమ్మిది వారాలని అక్టోబర్ మూడో వారంలోనే కొటేషన్లలో రాస్తున్నాం. క్వార్టర్‌లో మిగిలిందే పది వారాలు. ఆ రోజే లెక్క వేసుంటే తెలిసేది. ఈ వాక్యం నోట్‌లో రాశాను. "అక్టోబర్ మూడో వారంలో తెలుసుకోగలిగే సమాచారం మా దగ్గర ఉంది, డిసెంబర్ రెండో వారం వరకు ఫోర్‌కాస్ట్ పెద్దగా మార్చలేదు." ఏడు వారాలు చేతులు కట్టుకుని కూర్చున్నామని ఒప్పుకోవడం కష్టమే. కానీ ఆ ఏడు వారాల్లో ప్యానెళ్లు తెప్పించుకునే వీలుండేది. పెద్దవాళ్లకి అది తెలియాలి.

సరే, దిద్దుబాటుకి వద్దాం. ఇక్కడ మనవాళ్లు ఎక్కువగా రాసేది ఏమిటి? "సప్లయర్‌తో సమన్వయం మెరుగుపరుస్తాం. పైప్‌లైన్‌ని నిశితంగా పరిశీలిస్తాం." ఇది దిద్దుబాటేనా? మూడు నెలల తర్వాత ఇది జరిగిందో లేదో ఎవరైనా చెప్పగలరా? చెప్పలేకపోతే అది రాయకండి.

మేం మూడే రాశాం. మొదటిది కొంచెం వివరంగా చెప్తాను. 40 ప్యానెళ్లు స్టాకు పెట్టాలి. ఎందుకు 40? మా అమ్మకాల్లో ముప్పావు వంతు రెండే సైజులు, 5 హెచ్‌పీ, 7.5 హెచ్‌పీ. ఆ రెండు సైజులకే పెడితే సరుకు మూల పడిపోదు, ఇవాళ కాకపోతే వచ్చే వారం వాడేస్తాం. ప్యానెల్ 45 వేలు, మొత్తం 18 లక్షలు. ఈ 18 లక్షలు ఖర్చు కాదు, షెడ్డులో సరుకుగా ఉంటుంది. ఖర్చు దాని మీద వడ్డీ. ఏడాదికి 12 శాతం వేసుకున్నా క్వార్టర్‌కి 54 వేలు. అటువైపు 13 ఆర్డర్లు, 39 లక్షల అమ్మకం. పెద్దవాళ్లు నిర్ణయం తీసుకోవడానికి ఈ రెండు అంకెలూ పక్కపక్కన ఉంటే చాలు.

అయితే ఇందులో ఒక పరిమితి ఉంది, దాన్నీ రాయాలి. జనవరి మూడో వారంలో ఆర్డర్ పెడితే ప్యానెళ్లు వచ్చేది ఏడు వారాలకి, అంటే మార్చి రెండో వారం. అప్పటిదాకా డెలివరీ తొమ్మిది వారాలే. కాబట్టి నాలుగో క్వార్టర్‌లో కూడా ఇంకో 10 సెట్లు డెలివరీ వల్ల పోతాయని ముందే రాశాం. దిద్దుబాటు ఇవాళ మొదలైతే ఫలితం రేపే వస్తుందన్నట్టు రాయడం కూడా అబద్ధమే. ఇది పనిచేస్తోందని దేన్ని చూసి చెప్తాం? అమ్మకాలు చూసి కాదు, అవి ఆలస్యంగా కదులుతాయి. కొటేషన్‌లో రాసే వారాలు చూసి చెప్తాం. మార్చి చివరికి తొమ్మిది నుంచి ఆరుకి రావాలి. రాకపోతే రెండో సప్లయర్‌ని వెతుకుతాం. ఎవరి బాధ్యత? పర్చేజ్ హెడ్. తేదీ, అంకె, మనిషి, పనిచేయకపోతే ఏం చేస్తాం, నాలుగూ ఒకే పేరాలో పెట్టాం.

మిగతా రెండూ చిన్నవి. క్వార్టర్ చివరి రెండు వారాల్లో 5 శాతం దాటి డిస్కౌంట్ ఇవ్వాలంటే, ఆ కస్టమర్ మొదట ఎప్పుడు కొంటానన్నాడో ఫారంలో రాయాలి. హ్యాండోవర్ తేదీ, పంప్‌రూమ్ డ్రాయింగ్ రెండూ లేని బిల్డర్‌ని పైప్‌లైన్ లెక్కలో కలపకూడదు. అంతే.

ఆ తర్వాత టార్గెట్. 420 అని ఉంది. 28 ముందే లాక్కున్నాం. 18 జనవరిలో వస్తాయి. పైప్‌లైన్‌లో ఉత్త పేర్లే ఉన్నవి ఇంకో 15 అని కొత్త నియమంతో తేలింది. డెలివరీ వల్ల 10 పోతాయి. ఆ 18 కలిపి, మిగతా మూడూ తీసేస్తే 385. టార్గెట్ మార్చమని అడగలేదు. టార్గెట్ 420 గానే ఉంచండి, మా అంచనా 385 అని రాశాం. ఈ తేడా చూడండి. టార్గెట్ మార్చమంటే బేరమాడినట్టు ఉంటుంది. అంచనా చెప్తే వాళ్లు క్యాష్ ఎంత వస్తుందో, కొత్తగా మనుషుల్ని తీసుకోవాలో వద్దో దాన్ని బట్టి చూసుకుంటారు.

ఒక చెల్లెలు చెయ్యి ఎత్తింది, అడగమ్మా. సరే, మైకులో వినపడలేదు కాబట్టి నేనే చెప్తాను. "అక్కా, ఇంత విడమర్చి రాస్తే ఆ స్టాకు ఆపిన పర్చేజ్ ఆయన, డిస్కౌంట్ ఇచ్చిన సేల్స్‌వాళ్లు మీటింగ్‌లో దొరికిపోరా?" అని అడుగుతోంది. మంచి ప్రశ్న. నోట్‌లో మేం మనిషిని రాయలేదు, నిర్ణయాన్ని రాశాం. "జూలైలో ప్యానెల్ స్టాకు ఆపాలని నిర్ణయించాం. ఆర్డర్ నుంచి డెలివరీ వరకు పట్టే కాలం మీద దాని ప్రభావం లెక్క వేయలేదు." నిర్ణయించాం అన్నది బహువచనం, అది నిజమే, ఆ మీటింగ్‌లో నేనూ ఉన్నాను. ఇంకొకటి, మీటింగ్‌కి మూడు రోజుల ముందు పర్చేజ్ ఆయన దగ్గరికి వెళ్లి ఆ పేజీ ఆయన ముందు పెట్టాను. ఆయన చదివి రెండు తేదీలు దిద్దారు. తన గురించి రాసింది నలుగురిలో కూర్చుని మొదటిసారి చదివితే ఏ మనిషైనా తనని తాను కాపాడుకోవడానికే చూస్తాడు. ముందే చూపిస్తే సరిదిద్దడానికి చూస్తాడు. బాధ్యుల పేర్లు దిద్దుబాట్ల దగ్గర రాయండి, లోటు దగ్గర వద్దు.

ఇంకో అన్న లిస్టెడ్ కంపెనీ గురించి అడుగుతున్నారు. అవును అన్నా, మీది స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో లిస్ట్ అయిన కంపెనీ అయితే ఈ నోట్ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. క్వార్టర్ ముగిసిన 45 రోజుల్లోపు ఫలితాలు ఇవ్వాలి, మార్చి క్వార్టర్‌కి మాత్రం ఆడిట్ అయిన ఏడాది లెక్కలతో కలిపి 60 రోజులు. ఫలితాలు బయటికొచ్చేదాకా మీ నోట్‌లోని అంకెలు బయటికి పొక్కకూడని సమాచారం. వాట్సాప్‌లో తోటివాళ్లకి పంపి "ఒకసారి చూడరా" అనడం కుదరదు. కంపెనీ లోపల కూడా చూడాల్సినవాళ్లకి మాత్రమే పంపండి.

చివరగా నాలుగో క్వార్టర్ ఏమైందో చెప్పి కూర్చుంటాను. 40 ప్యానెళ్లకి జనవరిలో అనుమతి వచ్చింది. ఏప్రిల్ నోట్ మొదటి పేరా ఇలా రాశాం, కాగితం నా దగ్గరే ఉంది, చదువుతాను.

"టార్గెట్ 420. జనవరిలో మా అంచనా 385. అమ్మింది 378. అంచనా కంటే 7 తక్కువ. వాటిలో 4 ఆర్డర్లు షెడ్డులో ఉన్నాయి, ఏప్రిల్ మొదటి వారంలో వెళ్తాయి. 3 పోగొట్టుకున్నాం, మూడూ డెలివరీ వల్లే. ప్యానెళ్లు మార్చి రెండో వారంలో వస్తాయని రాశాం, మార్చి 19న వచ్చాయి. మార్చి 31న ఇచ్చిన కొటేషన్లలో డెలివరీ ఆరున్నర వారాలు. ఆరు అన్నాం, ఇంకా ఆరుకి రాలేదు."

ఈ నోట్ రాసేముందు కూడా షెడ్డుకి వెళ్లాను. వెనక వరసలో నాలుగు సెట్లు ఉన్నాయి. నాలుగింటికీ ప్యానెళ్లు బిగించి ఉన్నాయి. బేస్ ఫ్రేమ్ మీద సుద్దతో పేర్లు, ఒక్కోదానికి ఒకటే తేదీ.